నాలుగు వాక్యాల క్షమాపణ, నిమిషంన్నర వీడియో

2017 ఏప్రిల్ 9, ఆదివారం సాయంత్రం. షికాగోలోని ఓహేర్ విమానాశ్రయంలో లూయివిల్ వెళ్లాల్సిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 3411 విమానం నిండుగా ఉంది. అందరూ ఎక్కి కూర్చున్నారు. అప్పుడు కంపెనీకి నాలుగు సీట్లు కావలసి వచ్చాయి. లూయివిల్‌లో మర్నాడు డ్యూటీ ఎక్కాల్సిన సిబ్బంది నలుగురిని అక్కడికి చేర్చాలి. దిగేవాళ్లకు 800 డాలర్ల వోచరు ఇస్తామన్నా ఎవరూ లేవలేదు. దాంతో నలుగురిని కంపెనీయే ఎంచి దిగమంది. వాళ్లలో 69 ఏళ్ల డాక్టరు ఒకాయన, పొద్దున్నే పేషెంట్లను చూడాలి, దిగనన్నాడు. విమానాశ్రయ భద్రతాధికారులు వచ్చి ఆయన్ని సీట్లోంచి లాగి, నడవలో నేలమీద ఈడ్చుకుపోయారు. ఆయన నోటి వెంట రక్తం కారుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో తీశారు. తెల్లారేసరికి ఆ వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి.

మర్నాడు సీఈవో ఆస్కార్ మునోజ్ పేరుతో ప్రకటన వచ్చింది. నాలుగే వాక్యాలు. తెలుగులో చెప్పుకుంటే సుమారుగా ఇలా ఉంటాయి:

"యునైటెడ్‌లో పనిచేసే మా అందరినీ కలతపెట్టిన సంఘటన ఇది. ఈ ప్రయాణికులకు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయాల్సి వచ్చినందుకు క్షమాపణలు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి మా బృందం అధికారులతో కలిసి పనిచేస్తూ, సొంతంగా సమగ్ర సమీక్ష కూడా సత్వరం జరుపుతోంది. ఈ ప్రయాణికుడితో నేరుగా మాట్లాడి పరిస్థితిని పరిష్కరించేందుకు ఆయన్ని సంప్రదిస్తున్నాం."

ఈ అధ్యాయంలో ఈ నాలుగు వాక్యాలనూ తీసుకుని, కెమెరా ముందు ఓ మనిషి చెప్పగలిగే స్క్రిప్టుగా తిరగరాద్దాం. మీ కంపెనీ విమానాలు నడపకపోవచ్చు. మీది ఇంటర్నెట్ కనెక్షన్ల వ్యాపారమైనా, సంక్రాంతి బస్సులైనా, ఫంక్షన్ల కేటరింగ్ అయినా తిరగరాసే పని ఇదే.

ముందు, ఆ ప్రకటనలో ఏముందో చూద్దాం. అబద్ధం ఒక్కటీ లేదు. ఈ సంగతి మొదట ఒప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. తప్పించుకునే భాష సాధారణంగా అబద్ధాలతో తయారవదు. చెప్పకూడని చోట చెప్పిన నిజాలతో తయారవుతుంది.

మొదటి వాక్యంలో బాధపడుతున్నది ఎవరు? కంపెనీ. రక్తం కారినవాడి కంటే ముందు కంపెనీ మనసు కనిపించింది. రెండో వాక్యం అసలు జబ్బు. క్షమాపణ అనే మాట అందులోనే ఉంది, కానీ అది ఏ పనికి చెప్పారు? ప్రత్యామ్నాయ ఏర్పాట్లకు. మనిషిని ఈడ్చినందుకు కాదు. వీడియో చూసిన లక్షలాది మందికి కనిపించినది ఒకటి, కంపెనీ క్షమాపణ చెప్పినది మరొకటి. పైగా "చేయాల్సి వచ్చినందుకు" అనడంలో, వేరే దారి లేదు పాపం అన్న ధ్వని ఒకటి. మూడో వాక్యంలో సమీక్ష జరుగుతోందన్నారు గానీ, ఎప్పటికి తేలుతుందో, తేలింది ఎవరికి చెబుతారో లేదు. నాలుగో వాక్యంలో "పరిష్కరించేందుకు" అన్నారు. ఏమిస్తారో, ఏం మారుస్తారో లేదు.

ఇలాంటి వాక్యాలు ఎక్కడ పుడతాయో చూడండి. సమీక్ష తేదీ ఎందుకు రాయలేదు? ఎవరూ తేదీ నిర్ణయించలేదు కాబట్టి. డబ్బు తిరిగిస్తామని ఎందుకు రాయలేదు? ఇవ్వాలని అప్పటికి ఎవరూ అనుకోలేదు కాబట్టి. నిర్ణయం లేనిచోట రాసేవాడి చేతికి మిగిలేది మెత్తని మాటలే. అందుకే క్షమాపణ రాయమని మీ కంటెంట్ రైటర్‌ని పిలిచే ముందు, నిర్ణయాలు తీసుకునేవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టాలి. ఎవరికి ఎంత తిరిగిస్తున్నాం, ఏ నియమం ఇవాళే మారుస్తున్నాం, విచారణ ఏ తేదీకి పూర్తవుతుంది అన్న మూడింటికీ జవాబులు కాగితం మీదకు రానిదే స్క్రిప్టు మొదలుపెట్టకండి.

ఇదేదో తర్వాత కూర్చుని చెప్పే తెలివి కాదు. ఏప్రిల్ 11న మునోజ్ మళ్లీ ప్రకటన చేశారు. ఎవరినీ ఇలా చూడకూడదని, పూర్తి బాధ్యత తమదేనని, ఏప్రిల్ 30లోగా సమీక్ష ఫలితాలు చెబుతామని అందులో ఉంది. 12న టీవీ ఇంటర్వ్యూలో, టికెట్ కొని సీట్లో కూర్చున్న ప్రయాణికుడిని దించడానికి ఇకపై పోలీసుల్ని వాడబోమని చెప్పారు. అదే రోజు ఆ విమానంలోని వాళ్లందరికీ టికెట్ డబ్బు తిరిగిస్తామని కంపెనీ ప్రకటించింది. అంటే మంచి క్షమాపణకు కావలసిన సరుకంతా రెండు రోజుల్లో దొరికింది. అది పదో తేదీ మధ్యాహ్నమే దొరికి ఉంటే ఎలా ఉండేదో మనం రాయబోయే స్క్రిప్టు చెబుతుంది.

రాసే ముందు ఇంకో పని ఉంది. ఏవి రాయకూడదో ఏరి పక్కన పెట్టాలి. ఆ విమానాన్ని నిజానికి నడిపింది యునైటెడ్ కాదు, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ పేరుతో రిపబ్లిక్ ఎయిర్‌లైన్ నడిపింది. డాక్టరును ఈడ్చింది కూడా కంపెనీ మనుషులు కాదు, షికాగో నగర విమానయాన శాఖ అధికారులు. అవసరమైతే ప్రయాణికుణ్ణి ఎక్కించుకోకుండా ఆపే అధికారం కంపెనీ షరతుల్లో ఉంది. అన్నీ నిజాలే. వీటిలో ఒక్కటి కూడా వీడియోలోకి రాకూడదు. టికెట్ మీద యునైటెడ్ పేరు చూసి డబ్బు కట్టినవాడికి, లోపల ఎవరు ఎవరితో కాంట్రాక్టు రాసుకున్నారో అనవసరం. మన దగ్గర కూడా ఇంతే. కొరియర్ ఆలస్యమైతే "మా ఫ్రాంచైజీ వాళ్ల వల్ల" అంటారు, నెట్ పోతే "రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపారు" అంటారు. కారణం అడిగినప్పుడు అది చెప్పొచ్చు. క్షమాపణలో చెబితే, నన్ను కాదు వాడిని అడగండి అన్నట్టే వినబడుతుంది.

అయితే ఇలాంటి నిజాల్లోనే ఇంకొకటి మాత్రం, సరిగ్గా వాడితే పనికొస్తుంది. పదో తేదీ సాయంత్రం మునోజ్ ఉద్యోగులకు రాసిన ఉత్తరం బయటికి పొక్కింది. ప్రయాణికుడు గొడవ చేశాడని, దూకుడుగా ప్రవర్తించాడని, మన ఉద్యోగులు ఇలాంటప్పుడు పాటించాల్సిన పద్ధతినే పాటించారని అందులో ఉంది. బయటికి ఒక మాట, లోపల ఒక మాట. మొదటి ప్రకటన చేసిన నష్టం కంటే ఈ ఉత్తరం చేసిన నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. సీఈవో ఉద్యోగులకు ఏం రాసినా గంటలో ఫోన్లకెక్కే రోజులివి. కాబట్టి బయటికి చెప్పేదీ లోపల చెప్పేదీ ఒకే స్క్రిప్టు కావాలి. ఇక "ఉద్యోగులు పద్ధతి పాటించారు" అన్న వాక్యం. ఉత్తరంలో అది డాలు. దాని పక్కన "ఆ పద్ధతి రాసింది మేమే" అని చేర్చి చూడండి. అదే నిజం ఇప్పుడు ఒప్పుకోలు అయింది. కౌంటర్లో నిలబడే చిన్న ఉద్యోగిని కాపాడుతూనే తప్పును పైవాళ్ల భుజాల మీదికి తెచ్చుకునే మార్గం ఇది.

ఇప్పుడు స్క్రిప్టు. మాట్లాడేది సీఈవో, తేదీ ఏప్రిల్ 10 మధ్యాహ్నం. ఆ రోజుకు తెలిసిన విషయాలే వాడుదాం.

"నా పేరు ఆస్కార్ మునోజ్. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సీఈవోని.

నిన్న సాయంత్రం షికాగోలో, టికెట్ కొని తన సీట్లో కూర్చున్న ఒక పెద్దాయనని మా విమానంలోంచి ఈడ్చుకుపోయారు. ఆయన ముఖం మీద రక్తం మీరు చూశారు. నేనూ చూశాను.

ఆయన ఏ తప్పూ చేయలేదు. మా సిబ్బందిని లూయివిల్ పంపడానికి మాకు నాలుగు సీట్లు కావలసి వచ్చాయి. ఆ అవసరం మాది. అందరూ ఎక్కి కూర్చున్నాక నలుగురిని దిగమన్నది మేము. ఆయన దిగనంటే అధికారులను పిలిపించిందీ మేమే.

డాక్టరు గారూ, మీకు, మీ కుటుంబానికి క్షమాపణ చెబుతున్నాను. మీ వైద్యం ఖర్చు మేం భరిస్తాం. మీరు ఎప్పుడు మాట్లాడాలనుకుంటే అప్పుడు నేనే వస్తాను. అంతవరకు మీ ఇంటి తలుపు తట్టను.

ఆ విమానంలో ఉన్న మిగతావాళ్లు చూడకూడనిది చూశారు. మీ అందరికీ టికెట్ డబ్బు మొత్తం తిరిగిస్తున్నాం. మీరు అడగనక్కర్లేదు.

మా గేటు దగ్గరి ఉద్యోగులు ఉన్న నియమాల ప్రకారమే నడిచారు. ఆ నియమాలు రాసింది మేము. ఇవాళ్టి నుంచి, భద్రతకు ముప్పు ఉంటే తప్ప, సీట్లో కూర్చున్న ప్రయాణికుణ్ణి దించడానికి పోలీసుల్ని పిలవం.

విషయం ఇంతదాకా ఎలా వచ్చిందో నాకింకా పూర్తిగా తెలియదు. ఏప్రిల్ 30లోగా తెలుసుకుని, తెలిసినదంతా మీ ముందు పెడతాను."

నిదానంగా చదివితే నిమిషంన్నర లోపే అయిపోతుంది. అంతకు మించి పెంచకండి. నిడివి పెరిగేకొద్దీ అందులో చేరేవి సంజాయిషీలే.

కొన్ని చోట్ల ఆగి చూద్దాం. "ఈడ్చుకుపోయారు" అన్న మాట దగ్గర మీ లాయరు పెన్ను ఆపుతాడు. "తొలగించారు" అనమంటాడు. ఒప్పుకోకండి. జనం కళ్లారా చూసినదాన్ని వాళ్లు చూసిన మాటతోనే చెప్పాలి. మెత్తబరిస్తే, చూసినది మర్చిపోమంటున్నాడని ప్రేక్షకుడికి అనిపిస్తుంది, ఆ తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు. కానీ లాయరు మాట వినాల్సిన చోటూ ఉంది. "ఆయన ముక్కు విరిగింది" అని పదో తేదీన రాయకూడదు. ముక్కు విరిగిందని, ముందు పళ్లు రెండు పోయాయని ఆయన లాయర్లు చెప్పింది తర్వాత. అప్పటికి తెలియని గాయాన్ని చెప్పడం కూడా తప్పే. అందుకే రక్తం అని ఆగాం. లాయరుతో కూర్చున్నప్పుడు "ఇందులో ఏ విషయం నిజం కాదు?" అని ఒక్కో వాక్యం దగ్గరా అడగండి. నిజం కానిది తీసేయండి. నిజమై, వినడానికి కష్టంగా ఉన్నదాన్ని అలాగే ఉంచండి. మనిషి ప్రాణం పోయినా, కేసు నడుస్తున్నా లెక్క మారుతుంది. అప్పుడు కారణాల గురించి ఒక్క ముక్క కూడా లాయరుకు చూపకుండా చెప్పకూడదు. నష్టపోయినవాళ్ల గురించి, వాళ్లకు చేస్తున్నదాని గురించి మాత్రమే మాట్లాడాలి.

"క్రియ ఎవరిది?" అన్నది రెండో పరీక్ష. తెలుగులో దాక్కోవడం మరీ సులువు. "పొరపాటు జరిగింది", "ఆలస్యం అయింది", "అంతరాయం ఏర్పడింది" అంటే చాలు, చేసినవాడు మాయమైపోతాడు. రైల్వే ప్లాట్‌ఫారం మీద "కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రోజుకు ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు, విన్నవాడెవడికీ ఎవరో చింతిస్తున్నారని మాత్రం అనిపించదు. స్క్రిప్టులో ప్రతి "జరిగింది" దగ్గరా ఎర్ర పెన్నుతో "ఎవరు?" అని రాసుకోండి. జవాబు "మేము" అయితే ఆ మాట వాక్యంలోకి రావాలి. పై స్క్రిప్టులో "ఈడ్చుకుపోయారు" అన్నచోట మాత్రం "మేము" లేదు. ఈడ్చింది నగర అధికారులు కాబట్టి, మేమే ఈడ్చాం అనడం అబద్ధం. వాళ్ల పేరు చెప్పడం తప్పించుకోవడం. అందుకే వాళ్లను పిలిపించిందెవరో కాసేపటికే విడిగా ఒప్పుకున్నాం.

"మీకు బాధ కలిగి ఉంటే", "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ "ఉంటే" ఉన్నంతసేపు అది క్షమాపణ కాదు. "కానీ" కూడా అంతే. క్షమాపణ తర్వాత వచ్చే "కానీ" ముందున్నదాన్ని తుడిచేస్తుంది.

స్క్రిప్టులో లేనిది ఇంకొకటి ఉంది, గమనించారా? "మమ్మల్ని మన్నించండి" అని ఎక్కడా లేదు. "మళ్లీ మమ్మల్ని ఆదరించండి" అనీ లేదు. క్షమాపణలో ఏ భాగం ఎంత పనిచేస్తుందో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు పరీక్షించి 2016లో ప్రచురించారు. తప్పు తనదేనని ఒప్పుకోవడం అన్నిటికంటే ముఖ్యమని తేలింది. ఆ తర్వాతిది నష్టాన్ని సరిచేస్తాననడం. మన్నించమని అడగడం అన్నిటికంటే అడుగున ఉంది, అది లేకపోయినా పెద్ద తేడా లేదు. మన ప్రకటనల్లో వరస సరిగ్గా తిరగబడి ఉంటుంది. "పెద్ద మనసుతో మన్నించగలరు" అని మొదలై, ఒప్పుకోలు ఎక్కడో చివర, అదీ ఉంటే ఉంటుంది. మన్నింపు కోరితే బరువు వినేవాడి మీద పడుతుంది. దెబ్బ తిన్నది వాడు, ఇప్పుడు మనసు పెద్దది చేసుకోవాల్సిందీ వాడేనా?

మంచి వీడియో చేస్తే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకోకండి. 2007 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో మంచుతుపానుకు జెట్‌బ్లూ విమానాలు ప్రయాణికులతో సహా గంటల తరబడి రన్‌వే పక్కన నిలిచిపోయాయి. ఆ తర్వాత చాలా రోజులు విమానాలు రద్దవుతూనే ఉన్నాయి. మంచు కురవడం కంపెనీ తప్పు కాదు. "ప్రకృతి వైపరీత్యం" అని చేతులు దులుపుకునే అవకాశం బంగారంలా ఉంది. కానీ వ్యవస్థాపకుడు, సీఈవో డేవిడ్ నీల్‌మన్ యూట్యూబ్‌లో నేరుగా మాట్లాడి క్షమాపణ చెప్పారు. ఎంత ఆలస్యానికి ప్రయాణికుడికి ఏమివ్వాలో రాసిన హక్కుల పత్రం ప్రకటించి, దాన్ని అప్పటికే ఇరుక్కున్నవాళ్లకు కూడా వర్తింపజేశారు. తర్వాత అనేకమంది పాఠంగా చెప్పుకున్న క్షమాపణ అది. అయినా అదే ఏడాది మేలో ఆయన సీఈవో పదవి పోయింది. క్షమాపణ ప్రయాణికులకు చెప్పేది. మీ కుర్చీ సంగతి బోర్డు చూసుకుంటుంది.

ఇక చిత్రీకరణ. కెమెరా కంటి ఎత్తులో ఉండాలి. లోగో తిరిగే యానిమేషను, వెనక వీణ, ఆఫీసు డ్రోన్ షాటు ఏవీ వద్దు. కొద్దిగా తడబడినా ఒకే టేకులో తీసినదే వాడండి. ముక్కలు అతికించిన వీడియోలో ప్రతి కోత దగ్గరా, ఇక్కడేం తీసేశారో అన్న అనుమానం వస్తుంది. తెర మీద తేదీ వేయండి, ఎందుకంటే ఆ వీడియో మూడు నెలల తర్వాత కూడా వాట్సాప్‌లో తిరుగుతుంది. కింద అక్షరాలు తప్పనిసరి, చాలామంది ధ్వని లేకుండానే చూస్తారు. చదివేది బాగా మాట్లాడే మార్కెటింగ్ మనిషి కాకూడదు, నిర్ణయం తీసుకున్న మనిషే కావాలి. గొంతు బాగుండకపోతే పోయె.

యునైటెడ్ చివరికి ఏప్రిల్ 27న, అన్న గడువు కంటే మూడు రోజుల ముందే, పది మార్పులు ప్రకటించింది. సీటు వదులుకునేవాళ్లకు పదివేల డాలర్ల దాకా ఇవ్వొచ్చని, ప్రయాణించాల్సిన సిబ్బంది బయలుదేరడానికి కనీసం గంట ముందే సీటు బుక్ చేసుకోవాలని అందులో ఉన్నాయి. ఈ రెండో నియమం ముందే ఉండి ఉంటే, అందరూ కూర్చున్నాక ఎవరినీ దిగమనాల్సిన పనే పడేది కాదు. డాక్టరుతో రాజీ కుదిరిందీ అదే రోజు.

మీ స్క్రిప్టు పూర్తయ్యాక దాన్ని బోర్డు రూముకు కాదు, కస్టమర్ కేర్ హాలుకు తీసుకెళ్లండి. రేపు పొద్దున ఫోన్లు ఎత్తాల్సినవాళ్ల ముందు గట్టిగా చదవండి. "డబ్బు ఎన్ని రోజుల్లో పడుతుందని అడిగితే ఏం చెప్పమంటారు సార్?" అని వాళ్లలో ఒకరు అడుగుతారు. మీ దగ్గర జవాబు లేకపోతే షూటింగ్ ఆపండి. అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చుని తేదీ తెచ్చుకోండి, ఆ తేదీని స్క్రిప్టులో రాయండి, అప్పుడు కెమెరా ముందుకు వెళ్లండి.